రోజుకో పదం, హాజరు పట్టీ లేకుండా

జాష్ వార్డల్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు తన జీవిత భాగస్వామి పలక్ షా కోసం తయారుచేసిన ఒక చిన్న పదాల ఆటను 2021 అక్టోబరులో అందరికీ తెరిచారు. అయిదు అక్షరాల ఇంగ్లీషు పదాన్ని ఆరు ప్రయత్నాల్లో కనిపెట్టాలి; ఏ అక్షరం ఎంతవరకు సరిపోయిందో ప్రతిసారీ గడి రంగు చెబుతుంది. రోజుకు ఒకటే పదం, ప్రపంచమంతటికీ అదే పదం. నవంబరు 1న ఆడినవారు 90 మంది. 2022 జనవరి 2 నాటికి వారి సంఖ్య మూడు లక్షలు. ఆ నెలాఖరున న్యూయార్క్ టైమ్స్ ఆ ఆటను కొనేసింది. దాని పేరు వర్డల్ అని మీకు ఈపాటికి గుర్తుకొచ్చే ఉంటుంది.

ఇంత వేగంగా పాకిన ఆటలో మనుషులను వెనక్కి లాగే పరికరాలు అప్పట్లో దాదాపు ఏవీ లేవు. ఫోనులో గంట మోగేది కాదు, ఖాతా తెరవాల్సి వచ్చేది కాదు, ప్రకటన కనిపించేది కాదు. రోజుకు మూడు నిమిషాలు చాలని, అంతకు మించి మీ సమయం ఈ ఆటకు అక్కర్లేదని వార్డల్ అప్పట్లోనే చెప్పారు. అయినా జనం రోజూ ఆడారు, ఆడిన సంగతి స్నేహితులకు చెప్పుకున్నారు. కుటుంబ వాట్సాప్ గ్రూపు కోసమో, కాలేజీ మిత్రుల కోసమో తెలుగులో ఇలాంటి ఆట ఒకటి చేయాలనుకునేవారు చూడవలసింది ఇక్కడే. అలవాటును కట్టే భాగాలు వేరు, ఒత్తిడి తెచ్చే భాగాలు వేరు. రెండూ ఒకే తెరమీద పక్కపక్కన ఉంటాయి కాబట్టి ఒకటే అనిపిస్తాయి.

అలవాటును కట్టేవి మూడే: అందరికీ ఒకే పదం రావడం, రోజుకు ఒకటే రావడం, జవాబు బయటపడకుండా ఫలితం చెప్పుకోగలగడం. మూడోది మొదట్లో లేదు. న్యూజిలాండ్‌లో కొందరు తమ ఆటను రంగు చతురస్రాల బొమ్మలుగా చేత్తో టైపు చేసి పంచుకుంటున్నారని గమనించి, 2021 డిసెంబరులో వార్డల్ దాన్ని ఒక బటన్‌గా ఆటలోనే పెట్టారు. ఆ సందేశంలో ఆట చిరునామా మాత్రం చేర్చలేదు. లింకు ఉంటే అది ప్రచారంలా కనిపిస్తుందని ఆయన ఉద్దేశం. చూసినవారికి ఆసక్తి కలిగితే అడుగుతారు, లేకపోతే దాటిపోతారు. ఎవరినీ రమ్మనకుండానే ఆట ఉన్నట్టు తెలియజేయడం చిన్న విషయమేమీ కాదు.

ఒత్తిడి తెచ్చేదానికి మంచి ఉదాహరణ స్నాప్‌చాట్‌లోని స్నాప్‌స్ట్రీక్. ఇద్దరు మిత్రులు రోజూ ఒకరికొకరు స్నాప్ పంపుకుంటూ ఉంటే పేరు పక్కన మంట గుర్తు, దాని పక్కన రోజుల లెక్క కనిపిస్తాయి. గడువు ముగియబోతుంటే ఇసుక గడియారం వస్తుంది. ఇద్దరిలో ఒకరు పంపకపోయినా లెక్క పోతుంది. అంటే ఒకరి బద్ధకానికీ జ్వరానికీ ప్రయాణానికీ నష్టపోయేది ఇద్దరూ. చెప్పడానికి ఏమీ లేకపోయినా గోడ ఫొటో ఒకటి తీసి పంపేవారిని చూసే ఉంటారు. అక్కడ స్నేహం కన్నా లెక్కే పెద్దదైపోయింది.

వర్డల్‌లోనూ వరుస రోజుల లెక్క ఉంది. కానీ మొదట్లో అది ఆడినవారి బ్రౌజరులోనే ఉండేది, పక్కవారికి కనబడేది కాదు. అయినా దాని బరువు తక్కువేమీ కాదు. 2022 ఫిబ్రవరిలో ఆట కొత్త చిరునామాకు మారినప్పుడు కొందరి లెక్క సున్నాకు పడిపోయింది, దానిమీద పెద్ద గోలే జరిగింది. వంద రోజులు ఆడిన ఆనందం ఎక్కడికీ పోలేదు, పోయింది ఒక అంకె. మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో చూపించింది ఇదే: అంతే మొత్తం లాభం ఇచ్చే సంతోషం కన్నా నష్టం కలిగించే బాధ ఎక్కువ. వరుస లెక్క రోజూ పెరుగుతూ, ఒక్కరోజుతో మొత్తం పోయేలా ఉంటుంది కనుక ఆడిన కొద్దీ భయం కూడా పెరుగుతుంది. మొదటి వారంలో సరదాగా ఉన్నది మూడో నెలలో కాపలా పనిగా మారుతుంది.

అందుకని నేను పెట్టుకునే నియమం ఒకటే: ఆట వచ్చినవారిని చూపించాలి, రానివారిని ఎక్కడా చూపించకూడదు. బడిలో హాజరు పట్టీ పిల్లలు వచ్చారని రాయడానికి కాదు, ఎవరు రాలేదో పట్టుకోవడానికి ఉంటుంది. ఆటలో అలాంటి పట్టీ ఎక్కడెక్కడ తెలియకుండా చొరబడుతుందో వెతకడమే ఇక్కడ రూపకల్పన పని. వరుస లెక్క ఒక పట్టీ. ఆడని రోజులు ఖాళీ గడులుగా కనిపించే నెల క్యాలెండరు ఇంకో పట్టీ. "మీ మిత్రుల్లో ఈరోజు ఆడినవారు ఆరుగురు, ఆడనివారు ఇద్దరు" అనే పట్టిక అన్నిటికన్నా చెడ్డది. ఎందుకంటే అది మీ సంగతి ఇతరులకు చెబుతుంది.

వరుస లెక్క స్థానంలో మొత్తం లెక్క పెట్టవచ్చు. "ఇప్పటిదాకా 41 పదాలు" అన్నది ఎప్పటికీ తగ్గదు. పది రోజులు మానేసి వచ్చినా 42 అవుతుంది. ఇందులో కోల్పోయేది లేదు కాబట్టి భయమూ లేదు. వరుస లెక్క ఇచ్చే పట్టు ఇందులో ఉండదన్నది నిజం. రోజూ రప్పించడమే లక్ష్యమైతే వరుస లెక్కే మెరుగు. పది మంది మిత్రుల ఆటకు ఆ లక్ష్యం ఎందుకు?

మిత్రుల జాబితా అసలు వద్దు. ఆటకు ఎవరు ఎవరి స్నేహితులో తెలియకపోతే ఎవరు రాలేదో చెప్పే అవకాశమే ఉండదు. ఆట ఒక వాక్యం తయారుచేసి ఇస్తుంది. దాన్ని ఎక్కడ అతికించుకోవాలో, అసలు అతికించాలో వద్దో ఆడినవారి ఇష్టం. దీనికి ఇంకో లాభం ఉంది. ఖాతాలు, జాబితాలు లేకపోతే సర్వరు అక్కర్లేదు. వర్డల్ మొదటి రూపంలో పదాల జాబితా మొత్తం ఆ పేజీలోనే ఉండేది, వెతికేవారికి రేపటి జవాబు కూడా దొరికేది. బహుమతి లేనిచోట దొంగతనం చేసి పొందేది ఏముంది? పేజీ ఒక్కటే కాబట్టి ఖర్చు దాదాపు లేదు. ఖర్చు లేకపోతే దాన్ని రాబట్టుకోవడానికి మనుషులను మళ్లీ మళ్లీ పిలవాల్సిన అవసరమూ ఉండదు. చాలా ఆటల్లో గంట మోగడానికి మూలం దురుద్దేశం కాదు, నెలనెలా వచ్చే బిల్లు.

తెలుగులో అక్షరం దగ్గర

ఇంగ్లీషు ఆటను యథాతథంగా తెలుగులోకి దించితే మొదటి రోజే తెలిసిపోయే చిక్కు ఉంది. కంప్యూటర్ లెక్కలో "వెన్నెల" ఏడు గుర్తులు: వ, ఎత్వం, న, పొల్లు, న, మళ్లీ ఎత్వం, ల. మనకు అది మూడు అక్షరాలే. అక్షరాలను విడగొట్టే సౌకర్యం బ్రౌజర్లలో ఇప్పుడు ఉంది కానీ, వత్తులను అక్షరంతో కలిపి లెక్కించే నియమం యూనికోడ్‌లోకి 2023లోనే వచ్చింది. పాత ఫోనులో ఇదే పదం "వె, న్, నె, ల" అని నాలుగు ముక్కలు కావచ్చు. కొత్త ఫోనున్న మనవడికి మూడు గడులు, పాత ఫోనున్న అమ్మమ్మకు నాలుగు గడులు కనిపిస్తే ఇద్దరూ ఒకే ఆట ఆడుతున్నట్టు కాదు. కాబట్టి బ్రౌజరుమీద ఆధారపడకుండా నియమం మనమే రాసుకోవాలి: ఒక హల్లు, దాని కింద వత్తులు ఎన్ని ఉంటే అన్నీ, ఆపైన గుణింతం, చివర సున్నా ఉంటే అదీ కలిపి ఒక గడి. అచ్చుతో మొదలైతే అచ్చు, దాని పక్కన సున్నా.

రెండో చిక్కు ఇంకా లోతైనది. ఇంగ్లీషులో ఒక గడిలో పడగలిగేవి 26 అక్షరాలు. తెలుగులో గుణింతాలు, వత్తులు కలుపుకుంటే వేలల్లో ఉంటాయి. అచ్చంగా అదే అక్షరం అయితేనే రంగు మారుస్తామంటే, ఆరు ప్రయత్నాలూ తెల్లగానే మిగిలిపోతాయి. ఓడిపోతూ ఉండే ఆటను ఎవరూ అలవాటు చేసుకోరు. అందుకే గుణింతం తప్పినా హల్లు సరిపోతే ఆ సంగతి చెప్పాలి. నాకు నచ్చిన ఏర్పాటు ఇది: అక్షరం అచ్చంగా సరిపోతే ఆకుపచ్చ, అదే చోట అదే హల్లు ఉండి గుణింతమో వత్తో సున్నానో తేడా అయితే పసుపు, ఆ హల్లు పదంలో వేరేచోట ఉంటే నీలం, ఏదీ కాకపోతే తెలుపు. జంటక్షరంలో పైనున్న హల్లునే లెక్కలోకి తీసుకుంటాం, వత్తును పట్టించుకోం.

మన ఆటలో పదాలన్నీ మూడేసి అక్షరాలవి, ఆనాటి పదం వెన్నెల అనుకుందాం. మొదటి ఊహ "కమలం". క లేదు, మ లేదు. మూడోచోట ల ఉంది కానీ సున్నా లేదు కాబట్టి అది పసుపు. రెండో ఊహ "నెమలి". మొదటి గడి నీలం, అంటే న ఉంది కానీ ఇక్కడ కాదు. మ ఎలాగూ తెలుపే. మూడోది మళ్లీ పసుపు, ల సరే కానీ గుడి తప్పు. మూడోచోటు ల ఆక్రమించింది కనుక న రెండోచోటే ఉండాలి. ఏదో ఒకటి, న, ల. ఇక్కడ కొందరికి వెంటనే తడుతుంది, కొందరు టీ తాగి వస్తారు. ఫలితంలో గడులు ఇలా వెళ్తాయి:

⬜⬜🟨 🟦⬜🟨 🟩🟩🟩

ఇంగ్లీషు ఆటలో ఇది మెట్లు మెట్లుగా ఆరు వరుసల వరకు సాగుతుంది. మూడు అక్షరాల ఆటలో ఒక్క వరుసలోనే చాలామటుకు సరిపోతుంది. ఇది అందం కోసం కాదు. గ్రూపులో ఆడనివారు కూడా ఉంటారు. ఎనిమిది మంది ఒక్కొక్కరు ఆరేసి వరుసలు పోస్టు చేస్తే ఆడనివారి తెర మొత్తం నిండిపోతుంది. మీరు ఇందులో లేరని రోజూ గుర్తుచేసినట్టు ఉంటుంది. ఒక్క వరుస అయితే వేలితో దాటేయొచ్చు. వర్డల్ సందేశంలో "3/6" లాంటి భిన్నం ఉంటుంది, ఓడితే "X/6". నేనైతే దాన్ని తీసేస్తాను. గడులు చూస్తే ఎన్నోదానిలో తేలిందో ఎలాగూ తెలుస్తుంది. అంకె రాసిన మరుక్షణం పక్కవారి అంకెతో పోలిక మొదలవుతుంది. అది ఎన్నో ఆటో చెప్పే సంఖ్య మాత్రం తప్పక ఉండాలి, ఎందుకో కింద చెబుతాను. రంగులు సరిగా గుర్తుపట్టలేనివారి కోసం గడి మూలలో ఒక చిన్న గుర్తు కూడా పెట్టాలి. ఆకుపచ్చకూ పసుపుకూ తేడా తెలియనివారు మన కుటుంబాల్లోనూ ఉంటారు.

పదాల విషయంలో తేల్చుకోవలసినవి రెండు. జవాబులు ఏవన్నది ఒకటి, ఊహలుగా ఏవి ఒప్పుకోవాలన్నది మరొకటి. ఇంగ్లీషు ఆటకు మొదట దాదాపు పన్నెండు వేల అయిదక్షరాల పదాలు ఉండేవి. పలక్ షా వాటిని తనకు తెలిసినవీ తెలియనివీ అని వేరుచేస్తూ పోతే జవాబుల జాబితా రెండున్నర వేలకు దిగింది. ఆ పని మనకు మరీ ముఖ్యం. సొరకాయ అనే ఇల్లూ ఆనపకాయ అనే ఇల్లూ ఒకే గ్రూపులో ఉన్నప్పుడు, ఎవరో ఒకరికి పరాయిదైన పదం జవాబుగా వస్తే అది ఆట కాదు, పరీక్ష. మూడు ప్రాంతాల నుంచి ముగ్గురు, వారిలో ఒకరు పెద్దవారు, ఒకరు బయటిదేశంలో పెరిగినవారు కూర్చుని విడివిడిగా టిక్కు పెట్టాలి. ముగ్గురూ పెట్టినవే ఉంచాలి. అలా నాలుగు వందల పదాలు తేలితే ఏడాది గడిచిపోతుంది. బహువచనాలు, విభక్తులు తగిలినవి జవాబుల్లో వద్దు.

ఊహల విషయంలో మాత్రం గేట్లు బార్లా తెరవాలి. "ఈ పదం నిఘంటువులో లేదు" అని ఆట అన్నప్పుడు, డెబ్భై ఏళ్లుగా ఆ మాట వాడుతున్న మనిషికి ఎలా ఉంటుందో ఊహించండి. మూడు సరైన అక్షరాలు ఉంటే చాలు, ఒప్పుకోవడమే మంచిది. అర్థంలేని అక్షరాలు వేసి వెతుక్కుంటారు కదా అంటే, వెతుక్కోనివ్వండి. పోటీ ఉన్నచోటే కాపలా కావాలి. "పెళ్ళి" అని రాసినా "పెళ్లి" అని రాసినా ఒకటిగానే తీసుకోవాలి. లేకపోతే జవాబు తెలిసిన మనిషి వర్ణక్రమం దగ్గర ఓడిపోతారు.

ఎవరి అర్ధరాత్రి?

కొత్త పదం ఎప్పుడు రావాలి? వర్డల్ ఎవరి ఊరి అర్ధరాత్రికి వారికి మారుతుంది. తెలుగు కుటుంబం హైదరాబాదు, డాలస్, సిడ్నీల్లో పరుచుకుని ఉంటుంది కాబట్టి దీని ఫలితం వెంటనే కనిపిస్తుంది. హైదరాబాదులో అర్ధరాత్రి కొత్త పదం వచ్చేసరికి డాలస్‌లో, వేసవిలో అయితే, ముందురోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నర. అక్కడి చెల్లెలు ఇంకా నిన్నటి పదమే ఆడుతూ ఉండవచ్చు. ఫలితంలో ఆట సంఖ్య ఉండాలన్నది అందుకే. సంఖ్య చూస్తే ఎవరు ఏ పదం గురించి మాట్లాడుతున్నారో అర్థమవుతుంది. అందరికీ ఒకే క్షణంలో మార్చడం కూడా సాధ్యమే. కానీ అప్పుడు ఎవరో ఒకరికి ఆఫీసు మధ్యలోనో నిద్రలోనో గడువు పడుతుంది. ఎవరి రోజు వారికి ఇవ్వడమే మర్యాద.

ఇందులో ఒక పొరపాటు ఇండియాలో కూర్చుని చేసేవారికి కనబడదు. రోజుల లెక్కను రెండు అర్ధరాత్రుల మధ్య గంటలను 24తో భాగించి, మిగులు వదిలేసి తేల్చితే, అమెరికాలో మార్చిలో గడియారాలు ముందుకు జరిపిన రోజున ఒక గంట తగ్గుతుంది. జనవరిలో మొదలైన ఆట అక్కడ నవంబరు దాకా ఒకరోజు వెనకే నడుస్తుంది. మనకు గడియారం మార్చే పద్ధతి లేదు కనుక ఇక్కడ పరీక్షిస్తే అంతా బాగానే ఉంటుంది. తేదీని మాత్రమే తీసుకుని, దాన్ని యూటీసీ తేదీగా భావించి తీసివేస్తే సరిపోతుంది (జనవరికి కంప్యూటర్ లెక్కలో 0):

```js
const d = new Date();
const today = Date.UTC(d.getFullYear(), d.getMonth(), d.getDate());
const number = (today - Date.UTC(2026, 0, 1)) / 86400000;
```

తప్పిపోయిన పదాల సంగతి తేల్చడం నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది. పాతవి ఆడనివ్వకపోతే "ఈరోజు పోతే పోయినట్టే" అనే బెదిరింపు మిగులుతుంది. అన్నీ ఆడనిస్తే ఆడనివన్నీ బాకీలా పేరుకుపోతాయి. అందరూ ఒకేరోజు ఒకే పదం ఆడటమనే మూలం కూడా పలచబడుతుంది. న్యూయార్క్ టైమ్స్ 2024లో చందాదారులకు పాత పదాలు తెరిచింది. వారికి అది వ్యాపారం. మిత్రుల ఆటకు నా మొగ్గు మధ్యదారి వైపు: నిన్నటి పదం ఒక్కటి అందుబాటులో ఉంచాలి, దానికన్నా ముందువి మౌనంగా వెళ్లిపోవాలి. ఎన్ని తప్పాయో ఎక్కడా రాయకూడదు. వారం తరువాత వచ్చినవారికి ఈరోజు పదమే ముందు కనిపించాలి. "మీరు లేక వెలితిగా ఉంది" లాంటి పలకరింపు ఒక్కటీ వద్దు.

ఇన్ని చేసినా ఆట చేతిలో లేనిది ఒకటి ఉంది. "ఏమిటి బావా, రెండు రోజులుగా కనబడటం లేదు?" అని గ్రూపులో అడిగే మనిషిని ఏ కోడూ ఆపలేదు. కొందరు ఆట కోసం వేరే గ్రూపు పెడతారు. ఆడనివారికి ఇబ్బంది ఉండదని వారి ఆలోచన. కానీ ఆ గ్రూపులో ఉండటమే ఆడతానని మాట ఇచ్చినట్టవుతుంది, ఆపైన బయటికి రావడం ఒక ప్రకటన అవుతుంది. వాట్సాప్ 2022 నుంచి నిష్క్రమణ సంగతి నిర్వాహకులకే చెబుతోంది కానీ, పది మంది ఉన్నచోట ఖాళీ తెలియకుండా ఉంటుందా? ఉన్న కుటుంబ గ్రూపులోనే, పెళ్లి ఫొటోలు, ఆవకాయ కబుర్ల మధ్య ఒక్క వరుసగా ఫలితం పెట్టుకోవడం మేలు. అక్కడ ఎవరు ఎందుకు మౌనంగా ఉన్నారో ఎవరూ లెక్క వేయరు.

ఆట ఒత్తిడిగా మారిందని తెలుసుకోవడానికి గణాంకాలు అక్కర్లేదు, గ్రూపులో నాలుగు సందేశాలు చదివితే చాలు. "ఈరోజు కుదరలేదు, ఏమీ అనుకోకండి" అని ఎవరైనా రాస్తే అది మొదటి గుర్తు. ఆటకు క్షమాపణ చెప్పుకుంటున్నారంటే ఎక్కడో హాజరు పట్టీ ఉంది. ఒకరి ఫలితం రోజూ అర్ధరాత్రికి రెండు నిమిషాల ముందే వస్తుంటే అది రెండోది. ఎప్పుడూ నాలుగైదు ప్రయత్నాలు పట్టే మనిషికి ఉన్నట్టుండి రోజూ రెండోదానికే తేలిపోతుంటే, జవాబు ఎక్కడో చూసి లాంఛనం ముగిస్తున్నారని అర్థం. అప్పుడు ఆ మనిషిని అనకుండా ముందు మొత్తం లెక్కను కూడా తెరమీద నుంచి తీసి ఒక నెల చూడండి.

నాలుగు రోజులు కనబడని అక్క అయిదోరోజు మూడు రంగు గడులు పెట్టి, దాని కింద తమ్ముడు "ఈ పదం నాకెందుకు తట్టలేదో!" అని మాత్రమే రాస్తే ఆట సరిగానే నడుస్తోంది.